పటం చెప్పింది, కాగితం చెప్పలేదు

(హైస్కూల్ గణితం టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం, రాసుకున్న పాఠం)

అందరికీ నమస్కారం.

తెర మీద కనిపిస్తున్నది ఒక ఫొటో. రూళ్ల నోట్‌బుక్‌లో ఒక పేజీ. పైన పెన్సిల్‌తో గీసిన త్రిభుజం, కింద నీలం ఇంకుతో ఏడు వరుసలు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి రాసి, వాళ్ల నాన్నగారి ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపింది. ఈ పేజీ మీకు చూపించడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. పేరు మాత్రం చెప్పను. ఫొటో కింద ఒక్క ప్రశ్న ఉంది: "సార్, ఇది కరెక్టేనా?"

లెక్క మీకు తెలిసిందే. ABC త్రిభుజానికి లంబకేంద్రం H. BC రేఖలో H ప్రతిబింబం H'. ఈ H' త్రిభుజం పరివృత్తం మీద ఉంటుందని నిరూపించాలి.

జవాబు చూసే ముందు ఫొటో గురించి రెండు మాటలు చెప్పాలి. చేతిరాత నిరూపణని ఫొటోలో చదవడం, కాగితం చేతిలో పట్టుకుని చదవడం ఒకటి కాదు. ఈ పేజీలో నాలుగో వరుస చూడండి. ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా అక్కడే పడి తెల్లగా మెరిసింది. అక్కడ ఉన్నది BHC అనా, BH'C అనా? H పక్కన ఉండే ఆ చిన్న గీత కనపడదు. ఆ గీత ఉంటే వరుసకి ఒక అర్థం, లేకపోతే మూడో వరుసనే మళ్లీ రాసినట్టు. ఇలాంటి చోట మనకి తెలియకుండానే ఒక పని చేస్తాం. సరైన జవాబు మనకి తెలుసు కాబట్టి ఆ గీతని మనమే ఊహించుకుని ముందుకి వెళ్లిపోతాం. పిల్లలు రాసింది కాక, మన మనసులో ఉన్నది చదువుతాం.

అందుకే నేను ముందు మొత్తం పేజీని వేరే కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తాను. తప్పు కనిపించినా దిద్దను. వరుసలకి నంబర్లు వేస్తాను. చదవలేని అక్షరం దగ్గర చుక్క పెట్టి పిల్లల్నే అడుగుతాను. ఈ అమ్మాయిని అడిగితే అది BH'C అనే చెప్పింది. రెండో మాట పటం గురించి. ఫోన్ కొంచెం వంచి తీస్తే వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తుంది, లంబం వాలిపోతుంది. కాబట్టి ఫొటోలో పటాన్ని కొలిచి ఏదీ నిర్ణయించకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, సన్నటి పెన్సిల్ గీతలు మాయమవుతాయి. అదే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమంటే ఆ ఇబ్బంది ఉండదు.

సరే, నేను ఎత్తి రాసుకున్నది ఇది.

1. ABC త్రిభుజంలో BE, CF ఉన్నతులు. అవి H దగ్గర కలుస్తాయి.
2. AEHF చతుర్భుజంలో ∠E = ∠F = 90°. కాబట్టి ∠A + ∠EHF = 180°.
3. ∠BHC = ∠EHF, శీర్షాభిముఖ కోణాలు. కాబట్టి ∠BHC = 180° − ∠A.
4. H' ప్రతిబింబం కాబట్టి ∠BH'C = ∠BHC = 180° − ∠A.
5. ∠BAC + ∠BH'C = 180°.
6. ఎదురెదురు కోణాల మొత్తం 180° కాబట్టి ABH'C చక్రీయ చతుర్భుజం.
7. కాబట్టి H' పరివృత్తం మీద ఉంది.

బాగుంది కదా? చాలామంది టీచర్లు దీనికి టిక్ పెట్టేస్తారు. చాలా ఏళ్లు నేనూ పెట్టాను. పుస్తకాల్లో కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఇప్పుడు నెమ్మదిగా చూద్దాం.

ఖాళీలు రెండు రకాలు. ఒకటి, మాట నిజమే కానీ కారణం రాయలేదు. నాలుగో వరుస అలాంటిది. ప్రతిబింబంలో BH = BH', CH = CH', BC ఉమ్మడి భుజం. కాబట్టి రెండు త్రిభుజాలు సర్వసమానాలు, కోణాలు సమానం. ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది. రెండో రకం వేరు. అక్కడ మాట అసలు అన్నిసార్లూ నిజం కాదు. అది నిజమని మనతో ఒప్పించింది వరుస కాదు, పైన ఉన్న పటం. ఈ రెండో రకాన్ని పట్టుకోవడమే కష్టం. ఎందుకంటే పటం వైపు చూస్తూ చదివితే అనుమానమే రాదు.

నేను పాటించే పద్ధతి ఇది. ఫొటోలో పటం మీద ఒక కాగితం కప్పేస్తాను. వరుసలు మాత్రమే చదువుతాను. ప్రతి వరుస దగ్గరా ఒకటే అడుగుతాను: ఇక్కడ ఏ బిందువు ఎక్కడుందని నమ్ముతున్నాం? అది పైన ఎక్కడైనా రాసి ఉందా?

రెండో వరుస. AEHF చతుర్భుజం అన్నారు. నాలుగు బిందువులు ఆ వరుసలో కలిపితే, భుజాలు ఒకదాన్నొకటి దాటకుండా ఉంటేనే లోపలి కోణాల మొత్తం 360°. E, F భుజాల మీదే ఉన్నాయని ఎవరు చెప్పారు? లెక్కలో లేదు, వరుసల్లో లేదు. మూడో వరుస. శీర్షాభిముఖ కోణాలు కావాలంటే H బిందువు B కీ E కీ మధ్య ఉండాలి, C కీ F కీ మధ్య కూడా ఉండాలి. ఆ 'మధ్య' అన్న మాట ఎక్కడా లేదు. ఆరో వరుస. ఎదురెదురు కోణాలు అనాలంటే A, H' అనేవి BC కి చెరో పక్కా ఉండాలి. అదీ లేదు. మూడు చోట్లా పటమే సాక్ష్యం చెబుతోంది.

ఇది చిన్నపిల్లల అజాగ్రత్త మాత్రమే అనుకోకండి. యూక్లిడ్ మొదటి పుస్తకంలో మొట్టమొదటి ప్రతిపాదన సమబాహు త్రిభుజం గీయడం. అక్కడ రెండు వృత్తాలు ఖండించుకుంటాయని ఆయన పటం చూసే తీసుకున్నాడు. తన స్వీకృతాల్లో దానికి ఆధారం లేదు. ఒక బిందువు రెండు బిందువుల మధ్య ఉండటం అన్న భావానికి కూడా స్వీకృతాలు కావాలని గుర్తించి, 1882లో మోరిట్జ్ పాష్ వాటిని రాశాడు. 1899లో హిల్బర్ట్ మొత్తం జ్యామితి పునాదిని తిరిగి కట్టినప్పుడు ఈ క్రమం గురించిన స్వీకృతాలకి విడిగా ఒక వర్గమే కేటాయించాడు. 2 వేల ఏళ్లకి పైగా పటం చూసి ఒప్పుకున్న సంగతి అది.

అయితే ఖాళీ ఉందనడం ఒకటి, ఆ ఖాళీలో నిజంగా ప్రమాదం ఉందని చూపించడం ఇంకొకటి. పిల్లలకి రెండోదే చూపించాలి. అనుమానించిన ఊహని తలకిందులు చేసే పటం గీయండి. E, F భుజాల మీద ఉండకూడదంటే ఒక కోణం అధికకోణం కావాలి. నేను అంకెలు తేలికగా ఉండేలా ఇవి తీసుకున్నాను:

A = (0, 1), B = (1, 0), C = (2, 0)

గ్రాఫ్ కాగితం ఉంటే మీరూ గీయండి. B దగ్గర కోణం 135°. A నుంచి BC కి లంబం అంటే y అక్షమే. B నుంచి AC కి లంబపాదం E = (1.2, 0.4). C నుంచి AB కి లంబం గీస్తే దాని పాదం F = (1.5, −0.5). అది AB భుజం మీద లేదు, AB ని B దాటి పొడిగిస్తే వచ్చే చోట ఉంది. ఈ లంబాలన్నీ కలిసేది H = (0, −2) దగ్గర. H ఎక్కడో BC కి కింద ఉంది. A పైన ఉంది.

ఇప్పుడు అమ్మాయి వరుసల్ని ఈ పటం మీద పెట్టి చూడండి. రెండో వరుసలో AEHF కలపండి. A నుంచి E, E నుంచి H, H నుంచి F, F నుంచి తిరిగి A. EH, FA రెండూ B దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. అది చతుర్భుజం కాదు, గాలిపటం తోక ముడిలా మెలిపడింది. దాని కోణాల మొత్తం 360° కాదు. మూడో వరుసలో ∠EHF, ∠BHC శీర్షాభిముఖాలు అన్నాం. ఇక్కడ E, B, H అనేవి ఆ క్రమంలో ఒకే రేఖ మీద ఉన్నాయి. కాబట్టి ఆ రెండూ ఒకటే కోణం, శీర్షాభిముఖాలు కావు. ఆ కోణం ఎంత? దాదాపు 18.4°. మరి ∠BAC ఎంత? అదీ 18.4°. అంటే ∠BHC = 180° − ∠A కాదు, ∠BHC = ∠A. ఐదో వరుసలో 180° రావలసిన మొత్తం 37° కూడా రాలేదు. ఆరో వరుసలో H' ఎక్కడుంది? (0, 2) దగ్గర. A ఉన్న పక్కే. ఎదురెదురు కోణాలు అన్న మాటకే చోటు లేదు.

ఒక్క అధికకోణం పెట్టగానే రెండు నుంచి ఆరు దాకా ఉన్న వరుసల్లో ఏదీ నిలబడలేదు. మరి ఏడో వరుస? A, B, C గుండా పోయే వృత్తం ఇది:

x² + y² − 3x − 3y + 2 = 0

ఇందులో (0, 2) పెట్టండి. 4 − 6 + 2 = 0. H' వృత్తం మీదే ఉంది!

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దారి మొత్తం తప్పు, చేరిన ఊరు మాత్రం ఒప్పు. లెక్క నిజం కాబట్టి జవాబు ఎప్పుడూ సరిపోతుంది, అందుకే ఇలాంటి ఖాళీ ఎప్పటికీ బయటపడదు. జవాబు సరిచూసి ఈ తప్పు పట్టుకోలేం. వరుసలే సరిచూడాలి.

అధికకోణం A దగ్గర ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. A = (0, 1), B = (−2, 0), C = (2, 0) తీసుకుంటే H = (0, 4). అప్పుడు ∠BHC = 180° − ∠A నిజమే. రెండో వరుస ఫలితం కూడా నిజమే. కానీ ఇప్పుడు E బిందువు B కీ H కీ మధ్య ఉంది. కాబట్టి ∠EHF, ∠BHC ఒకటే కోణం అవుతాయి, 'శీర్షాభిముఖాలు' అన్న కారణం తప్పు. ఇక్కడ శీర్షాభిముఖాలు A దగ్గర వస్తాయి. మాట ఒప్పు, కారణం తప్పు. దిద్దేటప్పుడు దీన్ని కూడా విడిగా గుర్తుపెట్టాలి. ఇక A లంబకోణం అయితే E, F, H మూడూ A తోనే కలిసిపోతాయి, AEHF అనేదే ఉండదు. B లంబకోణం అయితే H అంటే B నే. అప్పుడు BHC త్రిభుజమే లేదు.

మరి తిరిగి ఎలా రాయాలి?

మనలో చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తాం. అమ్మాయి నిరూపణ పక్కన పెట్టి, మనకి తెలిసిన ఇంకో నిరూపణ బోర్డు మీద రాసేస్తాం. అది దిద్దడం కాదు. ఆ అమ్మాయి ఆలోచనలో ప్రాణం ఎక్కడుందో ముందు చూడాలి. నా దృష్టిలో అది ఇదీ: H దగ్గర కోణానికీ A దగ్గర కోణానికీ సంబంధం ఉంది, ఎందుకంటే BH, CH రేఖలు AC, AB లకి లంబాలు. ప్రతిబింబం ఆ కోణాన్ని H' దగ్గరికి తీసుకుపోతుంది. ఇది చక్కటి ఆలోచన, దీన్ని పోనివ్వకూడదు. పోవలసింది 180° కొలత, 'ఎదురెదురు' అన్న మాట, పటం మీద ఆధారం.

ఒక దారి, సందర్భాలుగా విడగొట్టడం. అల్పకోణ త్రిభుజం, A అధికకోణం, B అధికకోణం, C అధికకోణం, లంబకోణాలు. ప్రతి దానికీ విడిగా పటం, విడిగా వరుసలు. తప్పేమీ లేదు, కానీ ఏ సందర్భమైనా మర్చిపోయామేమో అన్న భయం పోదు.

రెండో దారిలో కోణానికి బదులు రేఖల మధ్య దిశతో కూడిన కోణం వాడతాం. l రేఖని అపసవ్య దిశలో ఎంత తిప్పితే m రేఖకి సమాంతరం అవుతుందో దాన్ని ∡(l, m) అందాం. 180° తేడాలని పట్టించుకోం, ఎందుకంటే రేఖని 180° తిప్పితే మళ్లీ అదే రేఖ. పిల్లలకి చెప్పేటప్పుడు నేను రెండు చీపురుపుల్లలు పట్టుకుని ఒకదాన్ని తిప్పి చూపిస్తాను. దీనికి మూడు సంగతులు తెలిస్తే చాలు. రెండు రేఖల్నీ 90° తిప్పితే వాటి మధ్య దిశ కోణం మారదు. ప్రతిబింబంలో దిశ కోణం గుర్తు మారుతుంది. మూడోది అసలైనది: P, Q బిందువులు BC రేఖ మీద లేకపోతే, ∡(PB, PC) = ∡(QB, QC) అయినప్పుడు P, Q, B, C ఒకే వృత్తం మీద ఉంటాయి. P, Q ఒకే పక్క ఉన్నా, చెరో పక్క ఉన్నా ఇదే మాట. 'ఒకే వృత్తఖండంలో కోణాలు సమానం', 'ఎదురెదురు కోణాల మొత్తం 180°' అని మనం విడివిడిగా చెప్పే రెండు సిద్ధాంతాల విపర్యయాలూ ఇందులో ఒకటైపోతాయి.

ఇప్పుడు అమ్మాయి నిరూపణ ఇలా అవుతుంది.

ముందు, H బిందువు BC రేఖ మీద ఉందనుకుందాం. H అంటే B అయితే సరే. కాకపోతే BH రేఖ అంటే BC రేఖే. అది AC కి లంబం కాబట్టి C లంబకోణం, H అంటే C. ఈ రెండు సందర్భాల్లోనూ H' = H, అది శీర్షమే, పరివృత్తం మీద ఉంది.

ఇక H బిందువు BC మీద లేదనుకుందాం. అప్పుడు H' కూడా లేదు. BH రేఖ AC కి లంబం, CH రేఖ AB కి లంబం. కాబట్టి

∡(HB, HC) = ∡(AC, AB)

BC లో ప్రతిబింబం తీసుకుంటే B, C కదలవు, H కాస్తా H' అవుతుంది. కాబట్టి

∡(H'B, H'C) = −∡(HB, HC) = −∡(AC, AB) = ∡(AB, AC)

కాబట్టి A, H', B, C ఒకే వృత్తం మీద ఉన్నాయి. అది ABC పరివృత్తమే.

అంతే. చూడండి, E, F అసలు రాలేదు. వాటి స్థానం గురించి ఏదీ నమ్మాల్సిన పని లేదు. 'మధ్య', 'పక్క' అన్న మాటలు లేవు. అయినా ఆలోచన అమ్మాయిదే. వరుసల సంఖ్య కూడా పెరగలేదు.

దిశ కోణాలు స్కూల్ సిలబస్‌లో లేవు కదా అని అడుగుతారు. నిజమే. అలాంటి చోట నిరూపక జ్యామితితో ఇంకోసారి సరిచూసుకోవచ్చు. A నుంచి BC కి లంబపాదాన్ని మూలబిందువుగా తీసుకోండి. A = (0, a), B = (b, 0), C = (c, 0). ఇందులో a సున్నా కాదు, b, c వేరు వేరు. BH, AC లంబాలు కాబట్టి H = (0, −bc/a), అంటే H' = (0, bc/a). ఇప్పుడు ఈ సమీకరణం చూడండి:

x² + y² − (b + c)x − (a + bc/a)y + bc = 0

A, B, C, H' నాలుగూ పెట్టి చూసుకోండి, నాలుగూ సరిపోతాయి. సరేఖీయాలు కాని మూడు బిందువులు దీని మీద ఉన్నాయి కాబట్టి ఇది నిజమైన వృత్తమే, అదే పరివృత్తం. b, c ల గుర్తులు ఏవైనా, ఒకటి సున్నా అయినా ఫరవాలేదు. లంబకోణాలకీ అధికకోణాలకీ విడిగా ఏమీ చెప్పనక్కర్లేదు. గట్టిదనంలో దీనికి సాటి లేదు. కానీ కోణం ఎందుకు అలా వచ్చిందో ఇది చెప్పదు. అందుకే దీన్ని తనిఖీకి వాడతాను, దిద్దిన నిరూపణగా అమ్మాయికి ఇవ్వను.

నేను ఆ అమ్మాయికి ఇవేవీ పంపలేదు. నంబర్లు వేసిన ఆ ఏడు వరుసలూ, పైన చెప్పిన మూడు బిందువులూ పంపి, ఒకటే రాశాను: "ఈ త్రిభుజం గీసి, నీ వరుసలు ఒక్కోటీ చదువుకో. ఎక్కడ ఆగిపోయావో చెప్పు." మర్నాడు సాయంత్రం గ్రాఫ్ కాగితం ఫొటో వచ్చింది. రెండో వరుస పక్కన ఎర్ర పెన్నుతో "ఇక్కడే పోయింది" అని రాసి ఉంది. ఆ తర్వాత దిశ కోణాల గురించి చెప్పాను.

నాలుగు రోజులకి ఇంకో ఫొటో వచ్చింది. అందులో నేను అడగని ప్రశ్న ఒకటి ఉంది. H' వెళ్లి A మీదే పడితే ఏమవుతుంది, అప్పుడు నాలుగు బిందువులు లేవు కదా, ABH'C అని ఎలా రాస్తాం? నా సందర్భాల లెక్కలో ఇది లేదు. కింద తనే లెక్క చేసింది. bc/a, a సమానం కావాలి, అంటే bc = a². ఉదాహరణగా A = (0, 2), B = (1, 0), C = (4, 0) తీసుకుంది. H = (0, −2), H' = (0, 2). నిజంగానే A మీద పడింది. కోణమానినితో కొలిచి B దాదాపు 117°, C దాదాపు 27° అని రాసి, తేడా 90° అని చుట్టూ గీత గీసింది. దాని కింద మూడు వరుసల్లో, bc = a² అయితే A నుంచి BC కి గీసిన లంబరేఖ పరివృత్తాన్ని A దగ్గర కేవలం తాకుతుందని నిరూపించింది. ఆ మూడు వరుసల్లో పటం మీద ఆధారపడ్డ మాట ఒక్కటీ లేదు.